నిఫ్టీ కదల్లేదు, సొమ్ము చోటు మారింది

2021 ముగిసే రోజున నిఫ్టీ 17,354 దగ్గర ఉంది. 2022 ముగిసే రోజున 18,105. ఏడాదంతా కలిపి పెరిగింది నాలుగు శాతం చిల్లర. మధ్యలో ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది, ముడిచమురు మండింది, వడ్డీరేట్లు పెరిగాయి. అయినా మొదటి రోజు అంకె, చివరి రోజు అంకె పక్కపక్కన పెట్టి చూసేవాడికి ఆ ఏడాది మార్కెట్లో చెప్పుకోదగ్గదేమీ జరగలేదనిపిస్తుంది. ఆ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసుకున్నా పోయేదే కదా అనుకుని ఊరుకుంటాడు.

అదే ఏడాది నిఫ్టీ ఐటీ సూచీలో లక్ష రూపాయలు పెట్టినవాడి చేతిలో మిగిలింది డెబ్భై నాలుగు వేలు. బ్యాంక్ నిఫ్టీలో పెట్టినవాడి లక్ష, లక్షా ఇరవై ఒక్క వేలయింది. ప్రభుత్వ బ్యాంకుల సూచీనే నమ్ముకున్నవాడికి లక్షకు లక్షా డెబ్భై వేలు. పైన చెరువు నిలకడగా కనిపిస్తున్నా అడుగున నీళ్లు ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు పరుగెత్తాయన్నమాట. దీన్నే మార్కెట్ వాళ్లు సెక్టార్ రొటేషన్ అంటారు. అన్ని రంగాలూ ఒకేసారి పెరగవు, ఒకేసారి తగ్గవు. ఒక దశలో ముందు నడిచిన రంగం తర్వాతి దశలో వెనకబడుతుంది, వెనకబడ్డది ముందుకొస్తుంది. ఈ మార్పు సూచీ అంకెలో కనపడదు. మామూలు ధరల చార్టులోనూ సరిగ్గా కనపడదు. కనపడాలంటే ఒక భాగహారం చెయ్యాలి.

ఒక భాగహారం

భాగహారం అంటే నిజంగా భాగహారమే. రంగం సూచీని నిఫ్టీతో భాగించాలి. 2019 ముగింపులో నిఫ్టీ ఐటీ సుమారు 15,645, నిఫ్టీ 12,168. భాగిస్తే 1.29. ఈ 1.29కి విడిగా అర్థమేమీ లేదు. వారం వారం అదే లెక్క వేసి, వచ్చిన అంకెల్ని ఒక గీతగా గీస్తే ఆ గీత ఎటు పోతోందన్నదే అర్థం. గీత పైకి వెళ్తుంటే నిఫ్టీ కంటే ఐటీ మెరుగ్గా ఉంది. కిందికి దిగుతుంటే నిఫ్టీ కంటే ఐటీ వెనకబడుతోంది. అడ్డంగా సాగుతుంటే రెండూ ఒకే నడకలో ఉన్నాయి.

చార్టులు చూసే వెబ్‌సైట్లలో ఈ లెక్క మనం వేసుకోనక్కర్లేదు. ట్రేడింగ్‌వ్యూలో పేరు టైపు చేసే చోట రెండు సూచీల మధ్య ఒక గీత పెడితే నిష్పత్తి చార్టు అదే వస్తుంది:

```
NSE:CNXIT/NSE:NIFTY
NSE:BANKNIFTY/NSE:NIFTY
NSE:CNXPHARMA/NSE:NIFTY
```

రోజువారీ చార్టు కాకుండా వారాల చార్టు పెట్టుకోవాలి. రోజువారీ గీతలో గుట్టలు మిట్టలు ఎక్కువ. ఒక కంపెనీ ఫలితాలు బాగుంటే పైకి లేచి, మర్నాడు కిందికి దిగుతుంది. సొమ్ము ఒక రంగం నుంచి ఇంకో రంగానికి మారడం నెలల మీద జరిగే పని. పెద్ద ఫండు తన దగ్గరున్న ఐటీ షేర్లు తగ్గించుకోవాలనుకుంటే ఒక్కరోజులో అమ్మలేదు. అమ్మితే ధర తనే పడగొట్టుకుంటుంది. కాబట్టి వారాల తరబడి కొద్దికొద్దిగా అమ్ముతుంది. ఆ నిదానమే చార్టు చూసేవాడికి ఆధారం.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చుకుని ముందుకెళ్దాం. ఈ నిష్పత్తిని రిలేటివ్ స్ట్రెంగ్త్ అంటారు. ఆర్‌ఎస్‌ఐ అని ఇంకోటుంది, దాని పేరులోనూ ఇవే మాటలున్నాయి. కానీ ఆర్‌ఎస్‌ఐ ఒక షేరును దాని గతంతోనే పోలుస్తుంది. మనం చెప్పుకునేది ఒక రంగాన్ని మొత్తం మార్కెట్‌తో పోల్చడం. పేర్లు దగ్గరగా ఉన్నాయి గానీ రెండింటికీ చుట్టరికం లేదు.

ఈ భాగహారం వల్ల ఒరిగేదేమిటో 2021లో బ్యాంక్ నిఫ్టీని చూస్తే తెలుస్తుంది. ఆ ఏడాది అది దాదాపు 31,264 నుంచి 35,482కు పెరిగింది. పదమూడున్నర శాతం. ఎవరైనా ‘బ్యాంకులు బాగున్నాయి’ అనే అంటారు. కానీ నిఫ్టీ అదే ఏడాది 24 శాతం పెరిగింది. నిష్పత్తి 2.24 నుంచి 2.04కు జారింది. పిల్లవాడికి మార్కులు పెరిగాయి గానీ క్లాసులో ర్యాంకు పడిపోయింది. మార్కులు ధరల చార్టులో కనిపిస్తాయి. ర్యాంకు నిష్పత్తి చార్టులోనే కనిపిస్తుంది.

రెండు గీతలు, మూడేళ్లు

2019 ముగింపు నుంచి 2022 ముగింపు దాకా ఐటీ, బ్యాంకుల నిష్పత్తుల్ని ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే ఈ విద్యలో ఉన్న సారమంతా అందులోనే దొరుకుతుంది. ఐటీ నిష్పత్తి ఏడాది ముగింపుల్లో 1.29, 1.73, 2.23, 1.58. బ్యాంకులది 2.64, 2.24, 2.04, 2.37. మొదటిది 2021 చివర శిఖరం ఎక్కింది. రెండోది సరిగ్గా ఆ రోజుల్లోనే అడుగంటింది. రెండూ ఒకే మలుపులో దిశ మార్చుకున్నాయి.

ఐటీ అంత ఎక్కడానికి కారణం మనకందరికీ గుర్తున్నదే. కొవిడ్‌తో కంపెనీలన్నీ పనిని ఆన్‌లైన్‌కు మార్చుకున్నాయి. అమెరికా, యూరప్ సంస్థలు క్లౌడ్ మీద, డిజిటల్ ప్రాజెక్టుల మీద ఖర్చు పెంచాయి. మన ఐటీ కంపెనీలకు ఆర్డర్లు పోటెత్తాయి. హైదరాబాద్‌లో ఆ రోజుల్లో ఐటీ ఉద్యోగి చేతిలో రెండు మూడు ఆఫర్లుండడం వింత కాదు. మరోపక్క అమెరికాలో వడ్డీ దాదాపు సున్నా. వడ్డీ అంత తక్కువగా ఉన్నప్పుడు ఎప్పుడో రాబోయే లాభాలకు కూడా ఇప్పుడే మంచి ధర కట్టేస్తారు. అందుకే ఐటీ షేర్లు లాభాల కంటే వేగంగా పెరిగాయి.

బ్యాంకుల సంగతి దీనికి తలకిందులు. 2020 మార్చిలో రిజర్వ్ బ్యాంకు రుణాల కిస్తీలపై మారటోరియం ప్రకటించింది. అది ఆగస్టు చివరిదాకా సాగింది. తర్వాత బాకీలను మొండిబాకీలుగా లెక్కగట్టకుండా సుప్రీంకోర్టు తాత్కాలిక ఉత్తర్వు వచ్చి 2021 మార్చి దాకా నడిచింది. ఈలోగా రెండో వేవ్. అంటే ఏ బ్యాంకులో నిజంగా ఎంత పోయిందో బయటివాడికి తెలిసే వీల్లేకుండా ఏడాదికి పైగా గడిచింది. తెలియని నష్టానికి మార్కెట్ ఎప్పుడూ ఎక్కువ కోతే వేస్తుంది.

ఆ కోతను తిరగేసిన విషయం ఒక్కటి: భయపడినంత నష్టం రాలేదు. బ్యాంకుల స్థూల మొండిబాకీలు 2022 మార్చికల్లా మొత్తం రుణాల్లో ఆరు శాతం లోపుకి వచ్చాయి. అదే సెప్టెంబరుకు ఐదు శాతానికి. 2018లో ఇది పదకొండు శాతం పైన ఉండేది. రుణాలకు గిరాకీ కూడా తిరిగొచ్చింది. ఆపైన వడ్డీరేట్లు పెరిగాయి. ఇది బ్యాంకులకు ఎందుకు కలిసొచ్చిందో కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే ఈ మలుపు ఇంధనం అక్కడే ఉంది.

2019 అక్టోబరు నుంచి కొత్త గృహరుణాలన్నీ రెపో రేటు వంటి బయటి కొలతకు ముడిపెట్టాలని రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది. 2022 మే 4న హఠాత్తుగా రెపోను 4 నుంచి 4.40కి పెంచింది. డిసెంబరుకల్లా అది 6.25 అయింది. ఇల్లు కొన్నవాడి కిస్తీ, లేదంటే కిస్తీల సంఖ్య, కొన్ని నెలల్లోనే పెరిగిపోయింది. కానీ అదే బ్యాంకులో అయిదు శాతానికి రెండేళ్ల డిపాజిట్ వేసినవాడికి గడువు తీరేదాకా అదే అయిదు. అప్పు మీద వచ్చే వడ్డీ ముందు పెరిగి, డిపాజిట్ మీద ఇచ్చే వడ్డీ ఆలస్యంగా పెరిగితే మధ్యలో మిగిలేది బ్యాంకు లాభం. 2022లో బ్యాంకులు ఆ సందులో సంపాదించాయి. ఐటీని దెబ్బతీసిన వడ్డీ పెరుగుదలే బ్యాంకులకు బలమైంది. రొటేషన్ అంటే ఒకటి పడి ఇంకొకటి లేవడమే కాదు, చాలాసార్లు ఒకే కారణం ఆ రెంటినీ రెండు వైపులకు నెడుతుంది.

ఇక మలుపు దగ్గరికి వెళ్లి చూద్దాం. 2021 నవంబరు చివర అమెరికా ఫెడరల్ రిజర్వ్ అధిపతి జెరోమ్ పావెల్, ధరల పెరుగుదల తాత్కాలికమన్న మాటను ఇక వదిలేసే సమయం వచ్చిందన్నాడు. 2022 జనవరి 5న బయటపడ్డ ఫెడ్ సమావేశ వివరాలు, అనుకున్నదానికంటే వేగంగా బిగిస్తారన్న సూచన ఇచ్చాయి. మన ఐటీ నిష్పత్తి ఆ వారాల్లోనే ఆగిపోయి, జనవరి ఆఖరుకి 2 దగ్గరికి దిగింది. ఫెడ్ మొదటిసారి రేటు పెంచింది మార్చి 16న. అంటే వార్త చేతికొచ్చేసరికి గీత తిరిగి రెండు నెలలయింది.

ఆ తర్వాత వచ్చింది చూడండి, మనుషుల్ని పట్టుకునే వల. మార్చి ఆఖరుకి నిష్పత్తి మళ్లీ లేచి సుమారు 2.08కి చేరింది. ‘చూశారా, ఐటీకి ఏమీ కాలేదు’ అన్నవాళ్లు అప్పుడు ఎక్కువే. కానీ ఆ లేవడం డిసెంబరు, జనవరి శిఖరానికి చాలా కిందే ఆగింది. కొత్త ఎత్తు ఎక్కలేక మళ్లీ దిగడం అలసటకు మొదటి గుర్తు. ఏప్రిల్ 18న, త్రైమాసిక ఫలితాల తర్వాత ఇన్ఫోసిస్ షేరు ఒక్కరోజులో ఏడు శాతం పైగా పడింది. ఉద్యోగులు వెళ్లిపోయే రేటు ఇరవై ఏడు శాతం దాటింది. వాళ్లను ఆపడానికి జీతాలు పెంచాల్సి వచ్చి లాభాల శాతం తగ్గింది. ఆ నెలాఖరుకి నిష్పత్తి 1.85 చుట్టూ ఉంది. జనవరిలో చేతికందిన అలసటకు ఏప్రిల్‌లో కారణం కూడా దొరికింది.

ఇప్పుడు లాభనష్టాల మాట. చాలామంది 30 వారాల సగటు గీతను నిష్పత్తి మీద గీసుకుని, నిష్పత్తి ఆ సగటు కిందికి దిగితే రంగం నుంచి బయటికి వస్తారు. ఈ పద్ధతిలో చూస్తే జనవరి, మార్చి నెలల్లో నిష్పత్తి సగటు చుట్టూనే ఊగిసలాడింది. తేటగా కిందికి దాటింది ఏప్రిల్‌లో. అప్పటికి 2.23 నుంచి పోగొట్టుకున్నది, ఏడాది చివరి 1.58 దాకా పోబోయే దాంట్లో సగానికి పైనే. ఈ పద్ధతి శిఖరం మీద గంట మోగించదు. దిగుడు మధ్యలో చెయ్యి పట్టి లాగుతుంది. అది తెలిసి వాడుకునేవాడికి అదే చాలు. శిఖరాన్నే పట్టుకోవాలనుకునేవాడికి ఇది పనికిరాదు, నాకు తెలిసినంతలో ఇంకేదీ పనికిరాదు.

బ్యాంకుల వైపు కథ 2022తో ముగిసింది. 2023లో పాత డిపాజిట్ల గడువు తీరింది, కొత్తవాటికి ఏడు శాతం పైన ఇవ్వాల్సి వచ్చింది. ఆ సందు మూసుకుపోయింది. ఆ ఏడాది బ్యాంక్ నిఫ్టీ 12 శాతం పెరిగినా నిఫ్టీ 20 పెరగడంతో నిష్పత్తి 2.37 నుంచి 2.22కు తగ్గింది. వడ్డీ పెరగడం బ్యాంకులకు మంచిదన్న పాఠాన్ని పట్టుకుని 2023లో కొన్నవాడికి మార్కులు వచ్చాయి, ర్యాంకు రాలేదు.

గడియారం ఒక్కటి కాదు

పుస్తకాల్లో ఈ విషయానికి ఒక చక్కటి చక్రం బొమ్మ ఉంటుంది. అమెరికాలో సామ్ స్టోవాల్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన బొమ్మ అది. ఆర్థిక వ్యవస్థ మందగమనం నుంచి కోలుకునేటప్పుడు బ్యాంకులు, వాహనాల వంటివి ముందు లేస్తాయి. తర్వాత టెక్నాలజీ, యంత్రాలు. వేడెక్కాక లోహాలు, చమురు. చల్లబడుతున్నప్పుడు మందులు, సబ్బులు, కరెంటు. మాంద్యంలోనూ మనిషి మాత్ర మానడు, పళ్లు తోమడం మానడు కాబట్టి. తర్కం బాగుంది. అమెరికాలో అమెరికా కంపెనీలకు అది కొంతవరకు వర్తిస్తుంది.

మన దగ్గర ఈ చక్రాన్ని యథాతథంగా అతికిస్తే పొరపడతాం. మన ఐటీ కంపెనీలకు ఆదాయం ఎక్కువగా అమెరికా, యూరప్‌ల నుంచి వస్తుంది. వాటి గడియారం అక్కడ ఉంది. లోహాల ధరల్ని నడిపేది ఎక్కువగా చైనా నిర్మాణ రంగం. హైదరాబాద్ మందుల కంపెనీలకు మన ఆర్థిక స్థితి కంటే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఫ్యాక్టరీ తనిఖీలే ఎక్కువ ముఖ్యం. బ్యాంకులు, సిమెంటు, వాహనాలు మాత్రం మన వడ్డీరేట్లతో, మన జేబులతో నడుస్తాయి. ఒకే నిఫ్టీ గోడ మీద నాలుగు గడియారాలు వేలాడుతుంటే ‘ఇప్పుడు మనం చక్రంలో ఎక్కడున్నాం?’ అన్న ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు. అందుకే నేను ముందు నిష్పత్తి చూసి, ఏ రంగం తిరిగిందో గుర్తించి, ఆ తర్వాతే కారణం వెతకమంటాను. చక్రం చూసి, ఇప్పుడు ఫలానా రంగం వంతు అని ముందే తేల్చుకుంటే, గీత ఎటుపోయినా ఆ కథకే ఒప్పించుకుంటాం.

చక్రం ఇంకో రూపంలోనూ కనిపిస్తుంది. జూలియస్ డి కెంపనేర్ అనే డచ్ విశ్లేషకుడు తయారుచేసిన రిలేటివ్ రొటేషన్ గ్రాఫ్ 2011లో బ్లూమ్‌బర్గ్ తెరల మీదికొచ్చింది. ఇప్పుడు మన బ్రోకర్లూ యూట్యూబ్ గురువులూ కూడా దీన్ని చూపిస్తున్నారు. నాలుగు గదుల పటం అది. అడ్డం వైపు రంగం బలం, నిలువు వైపు ఆ బలం పెరిగే వేగం. రెండింటి మధ్యబిందువు 100. కుడి పైగదిలో ముందు నడిచేవి, కుడి కిందిగదిలో నీరసపడుతున్నవి, ఎడమ కిందిగదిలో వెనకబడ్డవి, ఎడమ పైగదిలో కోలుకుంటున్నవి. ఒక్కో రంగం వెనక తోకలా చుక్కల దారి ఉండి, అది గడియారం ముల్లు దిశలో తిరుగుతూ కనిపిస్తుంది.

చూడ్డానికి ప్రకృతి నియమంలా ఉంటుంది గానీ, ఆ తిరగడంలో పెద్ద రహస్యం లేదు. ఏ గీతైనా దిశ మార్చుకునే ముందు దాని వేగం తగ్గాలి. వేగం నిలువు కొలత, ఎత్తు అడ్డం కొలత. వేగం ముందు తగ్గితే చుక్క కిందికి దిగుతుంది. తర్వాత ఎత్తు తగ్గితే ఎడమకు జరుగుతుంది. ఏ ఊగే గీతను ఈ పటంలో పెట్టినా అలాగే తిరుగుతుంది. కాబట్టి నీరసపడుతున్న గదిలోకి వచ్చిన రంగం తప్పక వెనకబడ్డ గదిలోకి పోతుందని అనుకోకూడదు. బలమైన రంగాలు చాలాసార్లు ఆ గదిలో కాసేపు ఊపిరి పీల్చుకుని మళ్లీ పైగదికి పోతాయి. పది పన్నెండు రంగాల్ని ఒకేసారి చూడటానికి పటం సౌకర్యంగా ఉంటుంది. తేల్చుకోవడానికి మాత్రం మళ్లీ ఆ ఒంటి గీత దగ్గరికే రావాలి.

గీత అబద్ధమాడే చోట్లు

సొమ్ము ‘వెళ్లింది’, ‘వచ్చింది’ అంటున్నాం గానీ ఆ మాట కొంచెం జాగ్రత్తగా వాడాలి. ప్రతి అమ్మకానికీ ఎదురుగా కొన్నవాడు ఉంటాడు. ఐటీ షేరు అమ్మినవాడి డబ్బు బయటికొస్తే, కొన్నవాడి డబ్బు అంతే లోపలికి వెళ్లింది. నిష్పత్తి చెప్పేది ఎవరికి తొందర ఎక్కువగా ఉందన్నది. అమ్మేవాడికి తొందర ఎక్కువైతే ధర దిగుతుంది. 2022లో విదేశీ సంస్థలు మన షేర్లలో నికరంగా లక్షా ఇరవై వేల కోట్ల రూపాయలకు పైగా అమ్మేశాయి. అమ్మినవాటిలో ఐటీతోపాటు ఆర్థిక రంగ షేర్లూ దండిగా ఉన్నాయి. వాళ్ల లెక్కలు మాత్రమే చూసినవాడు బ్యాంకుల నుంచి కూడా పారిపోయేవాడు. కానీ దేశీయ ఫండ్లు, నెలనెలా సిప్‌లు కట్టే మనలాంటివాళ్ల డబ్బుతో, ఆ బ్యాంకు షేర్లను దిగనివ్వకుండా కొన్నాయి. డిపాజిటరీ సంస్థ ఎన్‌ఎస్‌డీఎల్ పదిహేను రోజులకోసారి రంగాలవారీగా ఇచ్చే విదేశీ పెట్టుబడుల లెక్క ఆసక్తికరమైనదే. ఒక చేతి లెక్కే అది, ఎదుటి చేతిది కాదు.

ఇంకో తిరకాసు సూచీ తయారీలోనే ఉంది. నిఫ్టీలో మూడోవంతుకు పైగా ఆర్థిక రంగమే. బ్యాంక్ నిఫ్టీని నిఫ్టీతో భాగిస్తే, పైనా కిందా చాలావరకు అవే షేర్లు. పోలిక మొద్దుబారుతుంది. పైగా బ్యాంక్ నిఫ్టీలో కొన్నేళ్లపాటు సగానికి సగం బరువు రెండే బ్యాంకులది, హెచ్‌డీఎఫ్‌సీది, ఐసీఐసీఐది. 2024 జనవరి 17న ఫలితాల మర్నాడు హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు షేరు ఎనిమిది శాతం పైగా కూలింది. ఆ ఒక్కదాని దెబ్బకు బ్యాంక్ నిఫ్టీ ఒక్కరోజులో నాలుగు శాతం పైగా పడి, నిష్పత్తి చార్టులో నిలువుగా ఒక గాటు పడింది. చూసినవాళ్లకు బ్యాంకు రంగం మొత్తం ఖాళీ అవుతున్నట్టు అనిపించింది. అదే నెలలో ప్రభుత్వ బ్యాంకుల సూచీ నిఫ్టీని మించి నడిచింది.

కాబట్టి గీత దిశ మారగానే చెయ్యాల్సిన మొదటి పని రంగంలోని కంపెనీలను విడివిడిగా చూడటం. పన్నెండులో ఎనిమిదో తొమ్మిదో నిఫ్టీ కంటే ముందుంటే అది రంగం కదలిక. ఒకటో రెండో ఉంటే అది ఆ కంపెనీల కథ. 2022లో బ్యాంకుల మలుపును నమ్మదగినదిగా చేసింది ఇదే. పెద్ద ప్రైవేటు బ్యాంకులతోపాటు, ఎవరూ పట్టించుకోని చిన్న ప్రభుత్వ బ్యాంకులూ లేచాయి.

మూడో సంగతి అసలు మరిచిపోకూడనిది. నిష్పత్తి పెరిగినంత మాత్రాన డబ్బు వస్తుందని కాదు. 2020 జనవరి శిఖరం నుంచి మార్చి అడుగుదాకా నిఫ్టీ దాదాపు నలభై శాతం పడింది. మందుల కంపెనీలు అంతకంటే తక్కువ పడ్డాయి కాబట్టి ఫార్మా నిష్పత్తి ఠీవిగా పైకెక్కింది. ఆ గీత చూసి మురిసిపోతూ కొన్నవాడి ఖాతా మాత్రం ఎర్రగానే ఉంది. అందుకని నిష్పత్తి పక్కన ధరల చార్టు కూడా తెరిచి ఉంచాలి. రెండూ పైకి వెళ్తున్నప్పుడే అది కొనదగ్గ స్థితి. నిష్పత్తి పైకి, ధర కిందికి అయితే తక్కువ దెబ్బ తినే చోటు మాత్రమే దొరికింది.

ఇంతా చేస్తే ఎంత మిగులుతుంది? అమెరికాలో 1948 నుంచి 2007 వరకు రంగాల లెక్కలు తీసి కొందరు పరిశోధకులు ఒక నిక్కమైన ప్రశ్న వేశారు. ఆర్థిక చక్రం ఎప్పుడు తిరుగుతుందో ముందే కచ్చితంగా తెలిసిన దేవుడిలాంటి మదుపరి, పుస్తకం చెప్పినట్టే రంగాలు మారుస్తూ పోతే మార్కెట్ కంటే ఎంత ఎక్కువ సంపాదిస్తాడు? జవాబు ఏటా రెండు శాతం పైచిలుకు. అదీ బ్రోకరేజీ, ఇతర ఖర్చులు తియ్యకముందు. అంత ముందుచూపు లేని మనకు మిగిలేది ఇంకా తక్కువే. మన దగ్గర ఏడాది లోపు అమ్మిన షేరు లాభం మీద 2024 జులై 23 నుంచి 20 శాతం పన్ను. ఏడాది దాటితే లక్షా పాతిక వేలు దాటిన లాభం మీద 12.5 శాతం. ఏడాదికి నాలుగుసార్లు రంగాలు మార్చేవాడి లాభం, మార్కెట్ కంటే ముందు పన్ను చేతిలో కరుగుతుంది.

కాబట్టి సగటు కుటుంబానికి ఇది నెలనెలా కొని అమ్మే పద్ధతిగా పెద్దగా ఉపయోగపడదు. ఉన్న పెట్టుబడి ఎటు ఒరిగి ఉందో చూసుకోవడానికి మాత్రం దివ్యంగా పనికొస్తుంది. హైదరాబాద్, బెంగళూరుల్లో తెలుగు ఇళ్లు కొన్నింటిని తలుచుకోండి. భార్యాభర్తలిద్దరి జీతమూ ఐటీ నుంచే. కంపెనీ ఇచ్చిన షేర్లూ ఐటీవే. ఒక ఏడాది రాబడి చూసి సిప్ మొదలుపెట్టింది టెక్నాలజీ ఫండులో. జీతం, బోనస్, పొదుపు మూడూ ఒకే గీతకు వేలాడుతున్నాయి. ఐటీ నిష్పత్తి దిగడం మొదలైతే ఆ ఇంటికి దెబ్బ ఒక్కచోట తగలదు.

ఆ గీత తర్వాత ఏమైందో కూడా చెప్పుకోవాలి. 2024లో నిఫ్టీ ఐటీ తన 2022 నాటి శిఖరాన్ని దాటేసింది. పత్రికలు జీవితకాల గరిష్ఠమని రాశాయి. ఏడాది చివర అది సుమారు 43,340, నిఫ్టీ 23,645. భాగిస్తే 1.83. 2021 చివర అది 2.23. డివిడెండ్లు పక్కన పెడితే, 2021 ముగింపులో ఐటీ సూచీలో పెట్టిన లక్ష మూడేళ్లకు లక్షా పన్నెండు వేలయింది, నిఫ్టీలో పెట్టిన లక్ష లక్షా ముప్ఫై ఆరు వేలు. కొత్త శిఖరం మీద నిలబడి కూడా ఐటీ ఆ ఇరవై నాలుగు వేల బాకీ తీర్చలేదు.